రోజుకు 20 వేల పెనాల్టీ రాసుకుంటే కోర్టు ఎంత ఇప్పిస్తుంది?

జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు కార్టన్లు తయారుచేసే చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఉన్న డై కటింగ్ మెషీన్ సరిపోక, బాలానగర్‌లోని ఒక తయారీదారుకు 40 లక్షల రూపాయలకు కొత్త మెషీన్ ఆర్డర్ ఇచ్చింది. 10 లక్షలు అడ్వాన్స్. జూన్ 1కల్లా మెషీన్ తెచ్చి బిగించాలి, ఆలస్యమైతే రోజుకు 20 వేల చొప్పున పెనాల్టీ కట్టాలి అని పర్చేజ్ ఆర్డర్‌లో రాసుకున్నారు. మెషీన్ వచ్చేసరికి జూలై 21 అయింది. అంటే 50 రోజులు లేటు.

యూనిట్ యజమాని తన లెక్క తాను వేసుకున్నాడు. పెనాల్టీ కింద 10 లక్షలు. ఈలోపు ఎగుమతులు చేసే మందుల కంపెనీతో దాదాపు ఖాయమైన ఏడాది రేట్ కాంట్రాక్టు చేజారింది, దానిమీద రావలసిన లాభం 18 లక్షలు. పాత కస్టమర్‌కు సరుకు సమయానికి అందించలేక కట్టిన జరిమానా 2 లక్షలు. ఖాళీగా ఉన్న షెడ్‌కు కట్టిన అద్దె, తాను పడ్డ టెన్షన్ కలిపి ఇంకో 5 లక్షలు. అన్నీ కూడితే 35 లక్షలు, మెషీన్ ఖరీదుకు కాస్త తక్కువ.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే అయినా, ఇలాంటి లెక్కతో లాయరు దగ్గరికి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. ఇందులో కోర్టులో నిలబడేది ఎంత? ఈ వివరాలతోనే లెక్క కడితే 4 లక్షలు కూడా దాటదు. మిగతా 31 లక్షలు ఎక్కడెక్కడ జారిపోతాయో తెలిస్తే, ఆర్డర్ మీద సంతకం పెట్టేటప్పుడే ఏం చూసుకోవాలో అర్థమవుతుంది.

ఒప్పందం తప్పితే నష్టపరిహారం ఎంత అనేదానికి మన దేశంలో ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 73. అది రెండు రకాల నష్టాలకే పరిహారం ఇమ్మంటుంది. మొదటిది, మాట తప్పినప్పుడు మామూలుగా ఎవరికైనా సహజంగా వచ్చే నష్టం. రెండోది, ఒప్పందం చేసుకునే రోజుకే ఇలాంటి నష్టం రావచ్చని ఇద్దరికీ తెలిసి ఉన్న నష్టం. ఈ రెండింటిలో దేనికిందకీ రాని దూరపు నష్టానికి, పరోక్ష నష్టానికి పరిహారం ఇవ్వకూడదని ఆ సెక్షనే చెబుతుంది.

ఈ గీత మొదట గీసింది 1854లో ఇంగ్లండ్ కోర్టు, హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ కేసులో. గ్లాస్టర్ పట్టణంలోని పిండిమిల్లులో ఆవిరి ఇంజన్ క్రాంక్ షాఫ్ట్ విరిగింది. కొత్తది పోత పోయడానికి నమూనాగా ఆ విరిగిన షాఫ్ట్‌నే గ్రీనిచ్‌కు పంపాలి. తీసుకెళ్లిన రవాణా సంస్థ ఆలస్యం చేసింది, మిల్లు అన్ని రోజులూ మూతపడింది. అయినా మిల్లు లాభం రవాణా సంస్థ నుంచి రాదని కోర్టు తేల్చింది. విరిగిన షాఫ్ట్ పంపుతున్నారంటే మిల్లు ఆగిపోయిందనే అనుకోనక్కర్లేదు, మిల్లువాళ్ల దగ్గర ఇంకో షాఫ్ట్ ఉండి ఉండవచ్చు. మూతపడిన సంగతి తెలిసి ఉంటే ఒప్పుకున్నవాడు ఇంకో ధర అడిగేవాడేమో, లేదా ఆ బాధ్యత తనకు వద్దనేవాడేమో. తెలియని ప్రమాదాన్ని తర్వాత ఒకరి నెత్తిన రుద్దడం న్యాయం కాదన్నది ఆ తీర్పులోని ఆలోచన.

మన చట్టం సెక్షన్ 73 కింద కొన్ని ఉదాహరణలు కూడా ఇచ్చింది. వాటిలో ఒకటి జీడిమెట్ల కేసుకు అద్దంలా సరిపోతుంది. ఒకాయన తన మిల్లుకు మెషీన్ చేర్చమని రవాణా చేసేవాడికి అప్పగిస్తూ, అది లేక మిల్లు ఆగిపోయిందని కూడా చెబుతాడు. మెషీన్ ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం వల్ల ఆయనకు ప్రభుత్వంతో లాభసాటి కాంట్రాక్టు పోతుంది. ఆ రోజుల్లో మిల్లు నడిచి ఉంటే వచ్చే సగటు లాభం ఇవ్వాలి, ప్రభుత్వ కాంట్రాక్టు పోయిన నష్టం మాత్రం ఇవ్వనక్కర్లేదు అంటుంది చట్టం. మిల్లు ఆగిందని చెప్పాడు, కానీ కాంట్రాక్టు సంగతి చెప్పలేదు. కాబట్టి మెషీన్ అవసరం తెలియడం వేరు, దానిమీద ఏ బేరం ఆధారపడి ఉందో తెలియడం వేరు.

ఈ కొలతతో చూస్తే 18 లక్షల రేట్ కాంట్రాక్టు నిలబడదు. బాలానగర్ తయారీదారుకు తెలిసింది ఇది కార్టన్ల యూనిట్ అని, మెషీన్‌తో ఉత్పత్తి చేస్తారని. ఎగుమతి కంపెనీతో బేరం నడుస్తోందని ఆర్డర్‌లో లేదు. ఆర్డర్ ఇచ్చిన మూడు వారాల తర్వాత, ‘త్వరగా పంపండి, పెద్ద కాంట్రాక్టు ఉంది’ అని యజమాని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడనుకుందాం. దానివల్ల ఈ విషయంలో ప్రయోజనం లేదు. చట్టం చూసేది ఒప్పందం చేసుకున్నప్పుడు ఏం తెలుసన్నదే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. చెప్పామనే అనుకుంటారు, నిజంగా చెప్పే ఉంటారు కూడా, కానీ చెప్పింది ధర ఖాయమైపోయాక. అదే వాక్యం ఆర్డర్‌లోనే ఉండి, కాంట్రాక్టు ఎవరితో, సుమారుగా ఎంత విలువ అన్నది కూడా రాసి ఉంటే, ఈ వాదన పూర్తిగా వేరేగా నడిచేది. అప్పుడు కూడా ఆ కాంట్రాక్టు ఖాయంగా వచ్చేదని రుజువు చేయాల్సిన భారం యూనిట్ మీదే ఉండేది.

2 లక్షల జరిమానాదీ అదే దారి. మూడో వ్యక్తితో తాను చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చే నష్టం అమ్మినవాడికి తెలిసి ఉండాలి. తుక్కు ఇనుము సరఫరాకు సంబంధించిన కర్సన్‌దాస్ థాకర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కొన్నవాడు ఆ ఇనుమును ఎగుమతి సంస్థకు ఇస్తానని మాట ఇచ్చి, ఇవ్వలేక ఆ సంస్థకు డబ్బు కట్టాల్సి వచ్చింది. సరుకు ఎగుమతి కోసమని అమ్మినవాడికి తెలియదు కాబట్టి ఆ మొత్తం రాలేదు.

టెన్షన్ పద్దు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మామూలు వ్యాపార ఒప్పందం తప్పినందుకు మనోవేదనకు నష్టపరిహారం ఉండదని గజియాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక మిగిలింది మెషీన్ ఉంటే వచ్చే మామూలు లాభం. ఇది సహజంగా వచ్చే నష్టమే, ఇందులో వివాదం తక్కువ. దాన్ని కొలవడంలోనే కష్టమంతా ఉంది.

మెషీన్ రోజుకు 30 వేల కార్టన్లు కోయగలదు. ఒక్కో కార్టన్ మీద అట్ట, సిరా, కరెంటు, కూలి పోగా మిగిలేది 40 పైసలు. రోజుకు 12 వేలు. 50 రోజులకు 6 లక్షలు అని వెంటనే రాసేస్తే తప్పవుతుంది. యూనిట్ ఆదివారాలు నడవదు, 7 ఆదివారాలు తీసేస్తే పని దినాలు 43. అంటే 5 లక్షల 16 వేలు. మెషీన్ సామర్థ్యం 30 వేలు ఉన్నంత మాత్రాన 30 వేల కార్టన్లకు గిరాకీ ఉందని కాదు. ఈ పని చేతిలో ఉందని చూపించే పర్చేజ్ ఆర్డర్లు, తీసుకోలేక తిప్పిపంపిన మెయిల్స్, రద్దయిన ఆర్డర్లు కోర్టు ముందు పెట్టాలి. మెషీన్ వచ్చాక ఓవర్‌టైమ్ చేసి అదే కస్టమర్లకు అవే కార్టన్లు ఇచ్చేసి ఉంటే, ఆ లాభం పోలేదు, కాస్త వెనక్కి జరిగిందంతే. అప్పుడు నష్టం ఓవర్‌టైమ్ ఖర్చు మటుకే. మన ఉదాహరణలో ఆర్డర్లన్నీ రద్దయ్యాయని, కాగితాలు ఉన్నాయని అనుకుందాం.

షెడ్ అద్దె విడిగా అడగడం ఇక్కడ రెండోసారి లెక్కపెట్టడమే అవుతుంది. 40 పైసలు తేల్చేటప్పుడు అద్దె తీసేయలేదు కదా. మెషీన్ సమయానికి వచ్చినా అద్దె కట్టాల్సిందే, ఆ 40 పైసల్లోంచే కట్టేవాడు. పోయిన లాభం ఇచ్చాక అద్దె కూడా ఇస్తే, ఒప్పందం నిలబడి ఉంటే ఉండే స్థితి కన్నా మెరుగైన స్థితిలో కూర్చోబెట్టినట్టు. పరిహారం ఉద్దేశం అది కాదు. మాట నిలబెట్టుకుని ఉంటే డబ్బు పరంగా ఎక్కడ ఉండేవాడో అక్కడ ఉంచడమే కోర్టు పని.

తర్వాత వచ్చే ప్రశ్న చాలామందికి రుచించదు. ఆ 43 రోజులూ యజమాని ఏం చేశాడు? నగరంలో జాబ్ వర్క్ మీద డై కటింగ్ చేసిపెట్టే యూనిట్లు ఉన్నాయి. రోజుకు 20 వేల కార్టన్ల వరకు బయట చేయించుకునే వీలుంది, సొంతంగా చేసుకునే దానికన్నా కార్టన్‌కు 25 పైసలు ఎక్కువ పడుతుంది. ఆయన చేయించలేదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఎదురుచూశాడు. సెక్షన్ 73 చివరి వివరణ ప్రకారం, ఒప్పందం తప్పడం వల్ల వచ్చిన ఇబ్బందిని సరిదిద్దుకోవడానికి అందుబాటులో ఉన్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నష్టం తగ్గించుకోవడానికి తగిన ప్రయత్నం చేయనివాడు ఆ మేరకు అడగలేడని మురళీధర్ చిరంజీలాల్ కేసులో 1961లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి బయట చేయించుకోగలిగిన 20 వేల కార్టన్ల మీద నష్టం 40 పైసలు కాదు, 25 పైసలే. అది రోజుకు 5 వేలు. మిగిలిన 10 వేల కార్టన్లకు దారి లేదు, వాటిమీద పూర్తి 40 పైసలు, అంటే 4 వేలు. రోజుకు 9 వేల చొప్పున 43 రోజులకు 3 లక్షల 87 వేలు. అయితే జాబ్ వర్క్ దొరికేదని, ఆ రేటుకు దొరికేదని చూపించాల్సింది ఆలస్యం చేసిన తయారీదారు. నష్టపోయినవాడు ఊరంతా తిరిగి తీరాల్సిందేమీ లేదు, బుద్ధిగల వ్యాపారి ఏం చేస్తాడో అది చేస్తే చాలు. మందుల కంపెనీలు తాము అంగీకరించిన యూనిట్‌లోనే పని జరగాలని షరతు పెట్టి ఉంటే, బయట చేయించే దారి మూసుకుపోతుంది. అప్పుడు లెక్క మళ్లీ 5 లక్షల 16 వేలకు చేరుతుంది. ఆ షరతున్న కాగితం ఒక్కటే లక్షా 29 వేల విలువ చేస్తుందన్నమాట.

మెషీన్ అసలే రాకపోయి ఉంటే కొలత ఇంకోలా ఉండేది. అప్పుడు మొదటగా చూసేది, ఒప్పందం తప్పిన రోజున అలాంటి మెషీన్‌కు మార్కెట్ ధర ఎంత, ఒప్పుకున్న ధర ఎంత, మధ్య తేడా ఎంత అన్నదే. ఏ ఊరి ధర అన్నది కూడా ముఖ్యమే. మురళీధర్ కేసులో కాన్పూర్‌లో ఇవ్వాల్సిన కాన్వాస్ గుడ్డకు కొన్నవాడు కలకత్తా ధర చూపించాడు. కాన్పూర్ ధర రుజువు చేయలేదు. ఏమీ దక్కలేదు.

ఇప్పుడు అసలు క్లాజు సంగతి. రోజుకు 20 వేల చొప్పున 10 లక్షలని రాసుకున్నాక కోర్టు లాభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఎందుకు అని అడగవచ్చు. ఇంగ్లండ్ న్యాయంలో 2015 వరకు ఇలాంటి క్లాజులను రెండుగా చూసేవారు. నష్టం ఇంత ఉండవచ్చని నిజాయతీగా ముందే అంచనా కట్టుకుంటే అది లిక్విడేటెడ్ డ్యామేజెస్, మొత్తం ఇవ్వాలి. ఎదుటివాడిని భయపెట్టడానికి పెట్టిన అంకె అయితే పెనాల్టీ, చెల్లదు. అదేదో తేల్చడానికి అక్కడ తరతరాలుగా వాదనలు నడిచాయి. మన చట్టం సెక్షన్ 74తో ఆ గొడవను చాలావరకు పక్కన పెట్టేసింది. ఒప్పందంలో ఒక మొత్తం రాసి ఉన్నా, పెనాల్టీ షరతు ఉన్నా, అసలు నష్టం రుజువైనా కాకపోయినా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం ఇవ్వాలి అంటుంది.

ఇందులో ‘మించకుండా’, ‘సమంజసమైన’ అన్న రెండు మాటలే కేసు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. రాసుకున్న అంకె పైకప్పు లాంటిది. ఎంత నష్టం వచ్చినా దానికి పైన రాదు. దానికింద ఎంత అన్నది సమంజసం తేలుస్తుంది. ఒప్పందం తప్పితే ఇంత అని అంకె రాసుకున్నవాడు అంతకు మించి విడిగా నష్టాలు అడగలేడని చునీలాల్ మెహతా కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 18 లక్షల కాంట్రాక్టు దూరపు నష్టం కాకపోయినా సరే, జీడిమెట్ల యూనిట్ 35 లక్షలు అడగడానికి వీల్లేదు. ఆలస్యానికి తాను రాసుకున్న 10 లక్షలే గరిష్ఠం.

పైకప్పు తక్కువగా ఉంటే ఈ నియమం నొప్పి తెలుస్తుంది. ఆర్డర్‌లో రోజుకు 20 వేలకు బదులు 5 వేలు అని ఉంటే మొత్తం రెండున్నర లక్షలు. నష్టం 3 లక్షల 87 వేలని అణా పైసలతో రుజువు చేసినా రెండున్నర లక్షలే వస్తాయి. అమ్మేవాళ్ల అచ్చు ఫారాల్లో వారానికి అర శాతం, గరిష్ఠం 5 శాతం లాంటి పెనాల్టీ కనిపిస్తే అది కొన్నవాడికి చేసిన మేలని అనుకోవద్దు. చాలాసార్లు అది అమ్మినవాడి బాధ్యతకు వేసిన గిరి.

ఇక పైకప్పు కింద ఎంత? 1963 నాటి ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చింది. ఢిల్లీలో బంగళా కొనడానికి లక్షా 12 వేల 500కు ఒప్పందం, వెయ్యి రూపాయలు బయానా, తర్వాత ఇంకో 24 వేలు చెల్లింపు. కొనేవాడు తప్పుకుంటే మొత్తం 25 వేలు జప్తు అని షరతు. బేరం చెడింది. అమ్మినవాడు వెయ్యి ఉంచుకోవచ్చు కానీ, నష్టమేమీ రుజువు చేయకుండా ఆ 24 వేలు జప్తు చేసుకోవడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ‘అసలు నష్టం రుజువైనా కాకపోయినా’ అన్న మాట లెక్క చూపనక్కర్లేదని చెబుతుందే తప్ప, నష్టమే లేనిచోట పరిహారం పుట్టించదు.

ఆ తర్వాత మౌలా బక్ష్ కేసు. సైన్యానికి బంగాళదుంపలు, కోళ్లు సరఫరా చేస్తానన్న కాంట్రాక్టర్ చేయలేకపోయాడు, ప్రభుత్వం డిపాజిట్లు జప్తు చేసింది. బంగాళదుంపలకు మార్కెట్ ధర ఉంటుంది, వేరేచోట కొనడానికి ఎంత ఎక్కువ అయిందో చూపడం కష్టమేమీ కాదు, చూపలేదు కాబట్టి ఉంచుకోవద్దు అన్నది తీర్పు. నష్టం కొలవడం సాధ్యమైతే కొలిచి చూపాలి. కొలవడానికి ఏ కొలమానమూ లేనిచోట, రాసుకున్న అంకె నిజాయతీగా కట్టిన అంచనా అయితే దాన్నే తీసుకోవచ్చు.

2003లో ఓఎన్‌జీసీ వర్సెస్ సా పైప్స్ తీర్పు వచ్చాక కంపెనీలు చాలావరకు ఈ రెండో సగాన్నే పట్టుకున్నాయి. సముద్రంలో చమురు తవ్వకానికి కావలసిన పైపులు ఆలస్యంగా వచ్చాయి, వారానికి 1 శాతం, గరిష్ఠం 10 శాతం చొప్పున బిల్లులో కోసుకున్నారు. అది సరేనంది కోర్టు. అలాంటి ప్రాజెక్టులో ఒక వారం ఆలస్యానికి ఏ ఖాతాలో ఎంత పోయిందో విడదీసి చూపడం కష్టం. ఫ్లైఓవర్ ఆరు నెలలు ఆలస్యమైతే దారిన పోయేవాళ్లకు కలిగిన నష్టాన్ని ఏ పుస్తకమూ నమోదు చేయదు, అక్కడా ఇదే తర్కం. దీన్ని పట్టుకుని ‘క్లాజు ఉంటే చాలు, రుజువు అక్కర్లేదు’ అని వాదించడం మాత్రం సరికాదు. 2015లో కైలాష్‌నాథ్ వర్సెస్ డీడీఏ తీర్పు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఢిల్లీలో 3 కోట్ల 12 లక్షలకు వేలంలో పాడిన స్థలానికి కట్టిన 78 లక్షలను ఢిల్లీ అభివృద్ధి సంస్థ అయిన డీడీఏ జప్తు చేసి, అదే స్థలాన్ని తర్వాత 11 కోట్ల 78 లక్షలకు అమ్మింది. కొన్న కంపెనీ ఒప్పందం తప్పనే లేదని కోర్టు తేల్చింది. తప్పిందనుకున్నా డీడీఏకు వచ్చింది లాభమే కాబట్టి సెక్షన్ 74 కింద ఉంచుకోవడానికేమీ లేదంది.

ఈ తీర్పులన్నిటి వెలుగులో జీడిమెట్ల క్లాజును చూస్తే, కార్టన్ల లాభం కొలవగలిగిందే. ఆర్డర్లున్నాయి, ధరలున్నాయి, పని దినాలున్నాయి. రోజుకు 12 వేలకు మించి లాభం రాని మెషీన్‌కు రోజుకు 20 వేలు, అదీ ఆదివారాలతో కలిపి, ఎలా వచ్చిందో చూపించే కాగితం ఏదీ లేదు. కాబట్టి 10 లక్షలు పైకప్పుగా మిగిలి, సమంజసమైన పరిహారం 3 లక్షల 87 వేల దగ్గర ఆగుతుంది. ఆర్డర్‌తో పాటే ‘30 వేల కార్టన్లు, కార్టన్‌కు 40 పైసల చొప్పున పని దినానికి 12 వేలు’ అని లెక్క జతచేసి, క్లాజులోనూ 12 వేలే రాసి ఉంటే, అంచనా నిజాయతీగా కట్టిందేనని చెప్పడానికి గట్టి ఆధారం దొరికేది, దాన్ని తగ్గించాలంటే తయారీదారు చెమటోడ్చాల్సి వచ్చేది. పెద్ద అంకె రాస్తే ఎదుటివాడు భయపడవచ్చు కానీ, కోర్టులో ఎక్కువ పని చేసేది లెక్క ఉన్న అంకె.

ఇంత చేశాక కూడా మొత్తం కేసు పోయే దారి ఇంకొకటి ఉంది, అది జూలై 21న మెషీన్ దించుకున్న గంటలోనే తేలిపోతుంది. గడువే ముఖ్యమైన ఒప్పందంలో, గడువు దాటాక ఇచ్చినదాన్ని స్వీకరిస్తే, ఆలస్యానికి పరిహారం అడగడానికి వీల్లేదంటుంది సెక్షన్ 55. స్వీకరించేటప్పుడే ‘పరిహారం అడిగే ఉద్దేశం ఉంది’ అని తెలియజేస్తేనే ఆ హక్కు మిగులుతుంది. సూపర్‌వైజర్ డెలివరీ చలానా మీద సంతకం పెట్టి, స్టాంపు వేసి, మిగిలిన బిల్లు కూడా మారుమాట లేకుండా చెల్లించేస్తే, తయారీదారు లాయరు మొదట పట్టుకునేది ఆ చలానానే. ‘50 రోజుల ఆలస్యంతో అందింది, పరిహారం కోరే హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాం’ అని చలానా మీద చేతిరాతతో రాసి, అదే రోజు మెయిల్ పంపితే ఆ వాదనకు తావుండదు.

అక్కడి నుంచి దావా వేయడానికి ఒప్పందం తప్పిన నాటి నుంచి మూడేళ్లు. ఇది సరుకు కొనుగోలు ఒప్పందం, అడిగే మొత్తం 3 లక్షలకు తగ్గడం లేదు కాబట్టి వాణిజ్య న్యాయస్థానాల చట్టం కిందికి వస్తుంది. తక్షణ ఉత్తర్వులు కోరే అవసరం లేకపోతే, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఆ బల్ల దగ్గర 35 లక్షల కాగితం పెట్టినవాడికన్నా, 43 పని దినాలు, 40 పైసలు, రద్దయిన ఆర్డర్ల కాపీలు పెట్టినవాడితోనే ఎదుటిపక్షం బేరం మొదలుపెడుతుంది.